రక్తం ఎక్కించుకోని అక్కకు గర్భసంచి ఆపరేషన్: హిమోగ్లోబిన్ 8.4, దారి ఏముంది?

సునీత, రాజమండ్రి
మా అక్కకు 44 ఏళ్లు, బరువు 58 కిలోలు. గర్భసంచిలో గడ్డలున్నాయి, నెలనెలా పది రోజులు బ్లీడింగ్ అవుతోంది. హిమోగ్లోబిన్ 8.4, ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెర్రిటిన్ 6. ఇంకో పన్నెండు రోజుల్లో గర్భసంచి తీసేస్తామన్నారు. అక్క యెహోవాసాక్షి, రక్తం ఎక్కించుకోదు. రెండు యూనిట్లు రెడీగా లేకపోతే ఆపరేషన్ చేయమంటున్నారు డాక్టర్. నేను ఆ సంఘంలో లేను, కానీ అక్క మాట కాదనలేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రమేష్
మీ అక్క రక్తమే ముందుగా తీసి బ్లడ్ బ్యాంకులో పెట్టించండి. తర్వాత ఎర్రకణాలు పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజక్షన్లు రెండు వేయిస్తే వారంలో హిమోగ్లోబిన్ పెరిగిపోతుంది.

మాధవి, మత్తు డాక్టర్, విశాఖ
రమేష్ గారూ, 8.4 ఉన్న మనిషి నుంచి రక్తం తీయరు. పైగా తీసి దాచిన సొంత రక్తాన్ని కూడా యెహోవాసాక్షులు సాధారణంగా ఒప్పుకోరు.

సునీత గారూ, ఇది ఎమర్జెన్సీ కాదు కాబట్టి ముందు తేదీ వెనక్కి జరపమని అడగండి. నాలుగైదు వారాలు దొరికితే చాలా మారుతుంది. ఆ లోపల మొదట ఆపాల్సింది బ్లీడింగ్. లేకపోతే ఒకవైపు నింపుతుంటే ఇంకోవైపు కారిపోతుంది. నెలకోసారి వేసే ల్యూప్రోలైడ్ ఇంజక్షన్ నెలసరిని ఆపుతుంది. అయితే మొదటి రెండు వారాల్లో ఒకసారి బ్లీడింగ్ కనిపించవచ్చు, అప్పుడు మందు పనిచేయలేదని కంగారుపడొద్దు.

రెండోది ఐరన్. లెక్క ఇలా వేస్తాం: హిమోగ్లోబిన్‌ను 13కి తేవాలంటే 4.6 తక్కువుంది. 58 × 4.6 × 2.4 అంటే 640, ఖాళీ అయిన నిల్వ కోసం ఇంకో 500. మొత్తం సుమారు 1140 మిల్లీగ్రాములు. మాత్రలతో ఇంత తక్కువ టైములో రాదు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు అయితే ఒక్కసారికి 1000 వరకు సెలైన్‌లో కలిపి పావుగంటలో ఎక్కించవచ్చు, మిగతాది వారం తర్వాత. సూది పెట్టిన చోట మంటగానీ వాపుగానీ ఉంటే వెంటనే ఆపించండి. మందు నరం బయటికి పోతే చర్మం మీద గోధుమరంగు మచ్చ పడుతుంది, అది చాలాకాలం పోదు.

శ్రీను
మా నాన్నగారికి డయాలసిస్‌లో ఎరిత్రోపాయిటిన్ వారానికి మూడుసార్లు వేస్తున్నారు. ఈవిడకూ అదే వేయొచ్చు కదండీ?

మాధవి
మీ నాన్నగారి కిడ్నీలు ఆ హార్మోన్‌ను సరిపడా తయారుచేయలేవు, అందుకే బయటినుంచి ఇస్తున్నారు. సునీత గారి అక్క కిడ్నీలు బాగుంటే రక్తం తగ్గినందుకు అవి ఇప్పటికే దాన్ని బాగా తయారుచేస్తుంటాయి. అంటే మేస్త్రీలు ఉన్నారు, ఇటుకలే లేవు. ఐరన్ లేకుండా ఆ ఇంజక్షన్ ఒక్కటే వేస్తే ఫలితం అంతంతమాత్రం. పైగా కాళ్ల నరాల్లో గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, బీపీ పెరగొచ్చు. ఐరన్ ఇచ్చాక రెండు మూడు వారాలకు చూసి అవసరమైతే వేద్దామనేది నా పద్ధతి. ముందే రెండూ కలిపి మొదలుపెట్టే డాక్టర్లూ ఉన్నారు, వాళ్లది తప్పనను. ఒక్క మాట: కొన్ని బ్రాండ్లలో మనిషి రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ కలుస్తుంది. అక్కకు అది సమ్మతమో కాదో ముందే అడగండి.

రమేష్
నేను తొందరపడ్డాను. సెల్ సాల్వేజ్ మిషన్ ఉంటే ఇవేవీ అక్కర్లేదని మా బంధువు అన్నాడు, నిజమేనా?

మాధవి
అక్కర్లేదనడం సరికాదు. ఆపరేషన్‌లో కారిన రక్తాన్ని హెపారిన్ సెలైన్‌తో కలిపి లాగి, మిషన్‌లో గిరగిరా తిప్పి, కడిగి, ఎర్రకణాలను తిరిగి ఎక్కిస్తారు. మొదటినుంచి ట్యూబు చేతికి తగిలించే ఉంచితే రక్తం ఒంటినుంచి విడిపోలేదని కొందరు సాక్షులు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. అది అక్క సొంత నిర్ణయం. కానీ ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే పదార్థాలు కడుగుడులో పోతాయి. రక్తం మరీ ఎక్కువ పోతే మిషన్ ఒక్కటే ఆదుకోలేదు. బెటాడిన్ పోసి కడిగిన నీళ్లను ఆ ట్యూబుతో లాగకూడదు, దానికి వేరే సక్షన్ పెట్టాలి. గడ్డ క్యాన్సర్ అనే అనుమానం ఉంటే మళ్లీ ఆలోచించాలి. ఈ మిషన్ ఎక్కువగా గుండె ఆపరేషన్లు చేసే పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది. కోత పెట్టేముందు బ్లీడింగ్ తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఒక గ్రాము ఇవ్వడం మాత్రం ఎక్కడైనా కుదురుతుంది, దాన్ని అడగండి.

సునీత
తేదీ జరిపారు. ఐరన్ మొదటి డోసు అయి ఎనిమిది రోజులు. హిమోగ్లోబిన్ 8.6 మాత్రమే వచ్చింది. పని చేయనట్టేనా?

మాధవి
ఇంత తొందరగా దాన్ని చూసి తేల్చకండి. కొత్తగా పుట్టిన ఎర్రకణాలను లెక్కించే రెటిక్యులోసైట్ కౌంట్ చేయించండి, అది పెరిగితే ఎముక మజ్జ పని మొదలెట్టినట్టే. ఫెర్రిటిన్ మాత్రం నెల దాకా చూడొద్దు, ఇప్పుడు ఊరికే ఎక్కువ చూపిస్తుంది.

సునీత
ఇరవై మూడో రోజు రిపోర్టు: 10.7. బ్లీడింగ్ ఆగింది. ట్యూబు విడిపోకుండా ఉంటే మిషన్ సరే అంది అక్క, ఆల్బుమిన్ వద్దంది. మిషన్ ఉన్న ఆసుపత్రి కాకినాడలో గానీ విశాఖలో గానీ దొరుకుతుందేమో కనుక్కుంటున్నాను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.