లైట్ ట్రాప్‌లో సుడిదోమ 340, స్వీప్ నెట్‌లో 3. ఒకే మడి, ఏ లెక్క నమ్మాలి?

పిలకలలెక్క: నమస్తే అందరికీ. ఎమ్మెస్సీ ఎంటమాలజీ, మిర్యాలగూడ దగ్గర ఒక రైతు వరిలో థీసిస్ పని. గట్టు మీద లైట్ ట్రాప్, గట్టు పొడవునా నేలలో పాతిన 8 పిట్‌ఫాల్ కప్పులు, వారానికోసారి 50 స్వీపులు. పోయినవారం ఒక్క రాత్రి ట్రాప్‌లో సుడిదోమ 340 పడింది, తెల్లారి 7కి అదే మడిలో స్వీప్ చేస్తే 3. ఇంకోటి, పిట్‌ఫాల్‌లో సాలీళ్ళు ఒక్క వారంలో 22 నుంచి 51 అయ్యాయి. మా గైడ్ గారేమో చదరపు మీటరుకి ఎన్నో రాయమంటున్నారు, ఏం రాయాలి?

కృష్ణాడెల్టా: లైట్ దూరం నుంచి లాగుతుంది తమ్ముడూ, అందుకే ఎక్కువ. దాన్ని పక్కన పెట్టెయ్. పిట్‌ఫాల్ దేన్నీ పిలవదు, నడుస్తూ వచ్చి పడినవే, కాబట్టి అదే నిఖార్సైన లెక్క. సాలీళ్ళు నిజంగానే పెరిగి ఉంటాయి.

గట్టుమీదమేడం: లైట్ లాగుతుందన్నది నిజమే, పిట్‌ఫాల్ మాట మాత్రం ఒప్పుకోను. పిలకల గారూ, ముందు ఒకటి చెప్పండి, ఆ వారం గట్టు మీద గడ్డి ఏమైనా కోశారా? కప్పులో పడేది ఎన్ని ఉన్నాయి అన్నదానికంటే ఎంత తిరుగుతున్నాయి అన్నదాని మీద ఆధారపడుతుంది. గడ్డి తీసేస్తే తోడేలు సాలీడుకి అడ్డం ఉండదు, ఎక్కువ దూరం తిరుగుతుంది, ఎక్కువ పడుతుంది, సంఖ్య ఒక్కటి కూడా పెరగకపోయినా సరే. జత కట్టే రోజుల్లో మగవి తిరుగుతాయి, అప్పుడూ అంతే. అందుకే మగ ఆడ విడిగా రాయండి. కప్పు అంచు నేలకి సమానంగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి, వాన పడ్డాక చుట్టూ మట్టి కోసుకుపోయి అంచు కాస్త పైకి తేలినా చిన్న చీమలు, పెంకు పురుగులు చుట్టూ తిరిగి వెళ్ళిపోతాయి. నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేయకపోతే సాలీడు నీటి మీద నడిచి ఎక్కేస్తుంది.

ఇక సుడిదోమ. అది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన కూర్చుంటుంది, మీ నెట్ ఆకుల పైభాగాన్నే ఊడుస్తుంది, పైగా 7 గంటలకి మంచుకి గుడ్డ తడిసి అతుక్కుంటుంది. 3 అంటే మడిలో లేవని కాదు, నెట్ అక్కడికి వెళ్ళలేదని. లైట్‌కేమో పొడుగు రెక్కలవే వస్తాయి. పొట్టి రెక్కలవి, పిల్ల పురుగులు ఎగరలేవు కదా. ట్రాప్ సంచిలో పిల్ల పురుగు ఒక్కటైనా ఉందా చూడండి, లేకపోతే మీరు కొలిచింది మీ మడిని కాదు, ఆ రాత్రి ఎగిరినవాటిని. పక్క చేను పండిపోయి అక్కడినుంచి లేచి ఉండొచ్చు.

మిర్చితోట: నాకు వంగ, మిర్చి ఉన్నాయి. పురుగు చావాలంటే ఏ బల్బు మంచిది, ఎకరానికి ఎన్ని పెట్టాలి?

గట్టుమీదమేడం: అన్నా, ఇక్కడ చంపడం గురించి కాదు, లెక్క పెట్టడం గురించి. ఒక్క మాట మాత్రం, వరిలో సుడిదోమ గుడ్లు తినే మిరిడ్ నల్లి కూడా లైట్‌కి బాగా వస్తుంది, రాత్రంతా పెడితే అదీ చస్తుంది.

పిలకలలెక్క: మేడం, గడ్డి కోశారు! రైతు పెదనాన్న ఆదివారం కోశాడంట, నేను డైరీలో రాయనేలేదు. ఈరోజు మీరు చెప్పినట్టు సంచి మళ్ళీ చూశా, 340లో పిల్ల పురుగు ఒక్కటీ లేదు. మడిలోకి దిగి అడ్డదిడ్డంగా 20 దుబ్బులు తీసుకుని ఒక్కోదాన్ని తెల్ల పళ్ళెంలోకి తట్టా, మొత్తం 168, అంటే దుబ్బుకి 8కి పైనే, ఎక్కువ పిల్ల పురుగులు, పొట్టి రెక్కలవి. స్వీప్ చేసిన వరసలోనే! నాట్లు 20×15 సెంటీమీటర్లు, చదరపు మీటరుకి 33 దుబ్బులు వస్తాయి, అంటే 280 దాకా. గైడ్ గారికి ఇదే రాస్తా.

కృష్ణాడెల్టా: సరే, పిట్‌ఫాల్ గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే స్వీప్ ఎందుకు, ఆపెయ్యొచ్చుగా?

గట్టుమీదమేడం: ఆపొద్దు. పచ్చదీపపు పురుగు, ఆకుముడత రెక్కల పురుగు, సాలె గూడు కట్టే సాలీళ్ళు పైనే ఉంటాయి, వాటికి నెట్టే నయం. మంచు ఆరాక, ఎండ ముదరకముందు, ప్రతిసారీ ఒకే మనిషి, అడుగు వేసినప్పుడల్లా ఒక స్వీపు. కంకి గట్టిపడ్డాక గింజ రాలుతుందని రైతు ఒప్పుకోడు, ఆయన మాట న్యాయమే, అప్పటినుంచి పళ్ళెమే.

పిలకలలెక్క: చివరిగా, పున్నమి వారం ట్రాప్‌లో బాగా తగ్గింది. ఆ రాత్రులు తీసేయాలా?

కృష్ణాడెల్టా: తీసెయ్. వెన్నెల్లో బల్బు వెలగనట్టే.

గట్టుమీదమేడం: నేనైతే తీయను, రోజూ చంద్రుడు, మబ్బు, గాలి రాసి లెక్కలోకి తెస్తా. కానీ తగ్గింది ఎగరకపోవడం వల్లా, ఎగిరినా లైట్‌కి రాకపోవడం వల్లా అన్నది ఒక్క ట్రాప్‌తో తేలదు. ఆ వారం పళ్ళెం లెక్క ఉంటే పెట్టండి, చూద్దాం.