అప్‌డేట్: వేడినీళ్ల పైపు ఎల్బో లీక్

నేను అడిగింది: గీజర్ నుంచి వచ్చే సీపీవీసీ పైపు నెలల తరబడి బాగానే ఉండి ఇప్పుడు ఎల్బో దగ్గర కారుతోంది, ఎందుకు?

మీరు చెప్పినట్టే గీజర్ ఆన్ చేసి పైపు పక్కన గోడ మీద పెన్సిల్ గీత పెట్టి చూశా, వేడికి పైపు సాగి గీత దాటి కదలాలి కానీ కదల్లేదు, మధ్యలో వంగి విల్లులా ఉబ్బింది. లెక్కేస్తే సీపీవీసీ మీటరుకి ఒక్కో డిగ్రీకి దాదాపు 0.06 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మాది 6 మీటర్లు, నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకి వెళ్తాయి, అంటే దగ్గరదగ్గర 13 మిల్లీమీటర్లు! క్లిప్పులేమో పైపుని బిగించి పట్టేశాయి, ఎల్బోకి రెండు వైపులా ఆనుకునే ఉన్నాయి, అందుకే వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ బలమంతా అతికించిన జాయింట్ మీదే పడింది.

ప్లంబర్ పాత ఎల్బో కోసేసి కొత్తది వేశాడు, పాత లీక్ పైనే సాల్వెంట్ జిగురు పూయడం వల్ల లాభం లేదన్నాడు, నాకూ అదే సరైనదనిపించింది. పైపు జారేలా వదులు క్లిప్పులు సుమారు 90 సెంటీమీటర్లకొకటి, ఎల్బో పక్కవి దూరం జరిపాం, గోడ రంధ్రం కూడా పెద్దది చేశాం. ఇప్పుడు గీత దగ్గర పైపు జరుగుతోంది, జాయింట్ పొడిగా ఉంది.