అనాన్సి కథలో ఆకాశ దేవుడి చోటికి పులి ఎలా వచ్చింది?

ఘనాలోని అకాన్ ప్రజలు చెప్పుకునే సాలీడు అనాన్సి కథలు మా అమ్మాయికి చెబుతున్నాను. లోకంలోని కథలన్నీ తనకు కావాలని అనాన్సి అడిగితే, ఆకాశ దేవుడు న్యామె కొన్నింటిని పట్టి తెమ్మంటాడు. వాటిలో కొండచిలువ ఒకటి. అనాన్సి తాటిమట్ట పట్టుకెళ్లి, "అది దీనికన్నా పొడుగు", "కాదు, పొట్టి" అంటూ తనలో తనే వాదించుకుంటాడు. అదేమిటో తేల్చుకుందామని పాము మట్ట పక్కన తిన్నగా సాగి పడుకోగానే తీగతో బిగించి కట్టేస్తాడు. పాము పొడవునే దానికి ఉచ్చుగా మార్చిన ఈ ఎత్తు నాకెంతో ఇష్టం.

బానిసలుగా ఓడల్లో తరలించిన మనుషులతో ఈ కథ జమైకా చేరింది. అక్కడ మట్ట బదులు వెదురు వచ్చింది, పామును కట్టేయడం మిగిలింది. కానీ కథల కోసం అనాన్సి అడిగేది పులిని! ఆ దీవి అడవుల్లో పులులే లేవు. ఈ మార్పుకు కారణం తెలిసినవారు దయచేసి చెప్పండి. దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో ఈ కథ విన్నవారెవరైనా ఉంటే, అక్కడ న్యామె పేరు మిగిలిందా?