లోపల గడియ వేసుకుంటే బయటి నుంచి తలుపు తీసేదెలా?

బెంగళూరు మారతహళ్లి వైపు, పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా ఉంటున్న 11 మంది పెద్దవాళ్లను రోజూ కనిపెట్టుకునే చిన్న సర్వీసు మాది. పొద్దున 7:30 దాటినా తలుపుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్ అలాగే ఉంటే వాచ్‌మన్ మాకు చెబుతాడు. రెండుసార్లు ఫోన్ చేస్తాం, ఎత్తకపోతే పక్కింట్లో ఉంచిన తాళంచెవి తీసుకుని వెళ్తాం.

చిక్కంతా ఇక్కడే. పెద్దవాళ్లు రాత్రి లోపల పై గడియ వేసుకుంటారు, అప్పుడు చెవి ఉన్నా లేనట్టే. మొన్న బాత్రూంలో జారిపడిన ఒకావిడ కోసం వడ్రంగిని పిలిచి తలుపు తీయించేసరికి 50 నిమిషాలు పట్టింది.

గడియ తీసేయమంటే భయమంటారు, అది న్యాయమే. నైట్ లాచ్ పెట్టించాం. లోపలి బటన్ నొక్కేస్తే దానికీ బయటి చెవి పనిచేయదు. మామూలు సిలిండర్ తాళంలో లోపలివైపు చెవి వదిలేస్తే బయటి చెవి దూరదు. వేలిముద్ర తాళమైతే అరిగిన వేళ్లను చదవదు, పైగా బ్యాటరీ ఎప్పుడు మార్చాలో వాళ్లకు గుర్తుండదు. కెమెరాకు ఎవరూ ఒప్పుకోలేదు.

తలుపు 35 మిల్లీమీటర్ల టేకుది, కీళ్లనొప్పుల చేతితో తిప్పగలగాలి. లోపల గడియ వేసుకున్న ధీమా ఉంటూనే, అవసరమైతే బయటి నుంచి చెవితో తెరుచుకునే తాళం మీ ఇంట్లో ఏ రకం వాడుతున్నారు?