‘సునవామేత్యాహ’లో ఆ ‘త్యా’ ఒక అక్షరమా, రెండా?

రాజోలు: ఋగ్వేదంలో ఒక పాదం సగమే గుర్తొచ్చి వదలడం లేదండి. “య ఇంద్రాయ సునవామ…” తర్వాత ‘ఇత్యాహ’నా, ‘ఇత్యాహుః’నా? ‘ఇంద్రుడికి సోమం పిండుదాం అని ఎవడంటాడో’ అని భావం. మనం ‘పిండుదాం అని అన్నాడు’ అన్నట్టే అక్కడా మాట ముందు, ‘ఇతి’ వెనక. ఈ పద్ధతి మన వైపు ద్రావిడ భాషల నుంచే సంస్కృతానికి పట్టుబడిందన్న వాదం ఎక్కడో చదివాను. అది ఎంతవరకు నిలుస్తుందో తెలిసినవాళ్ళు చెప్పాలి.

పాలకొల్లు మాస్టారు: అయిదో మండలం, 37వ సూక్తం, మొదటి ఋక్కు. “తస్మా అమృధ్రా ఉషసో వ్యుచ్ఛాన్ య ఇంద్రాయ సునవామేత్యాహ.” ‘తస్మై’, ‘యః’ ఉన్నాక బహువచనం పొసగదు, ‘ఆహ’యే. కానీ అసలు పేచీ ‘త్యా’ దగ్గర ఉంది. ఛందస్సు త్రిష్టుప్పు, పాదానికి 11 అక్షరాలు ఉండాలి. య, ఇం, ద్రా, య, సు, న, వా, మే, త్యా, హ. పదే వచ్చాయి. ‘మేతి ఆహ’ అని విడదీస్తే 11 అవుతాయి, పాదాంతంలో గురువు, లఘువు, గురువు కూడా ఉండాల్సిన చోటే పడతాయి. ముందు పాదంలో ‘వ్యుచ్ఛాన్’ కూడా ‘వి ఉచ్ఛాన్’ అంటేనే సరిపోతుంది. ఋక్కు కట్టిన నాటికి ఆ ‘తి’, ‘ఆ’ రెండూ విడిగా పలికేవన్నమాట.

అమలాపురం: మాస్టారూ, మా పెద్దలెవరూ అలా విడదీసి చెప్పలేదు. సంహితలో ‘త్యా’ ఉంది, అదే ప్రమాణం. అక్షరం తక్కువైందని మనం చేర్చుకుంటూ పోతే హద్దేముంది?

పాలకొల్లు మాస్టారు: పారాయణ మార్చమని నేననలేదండి. పాదం తక్కువైతే సంధి విడదీసి పూరించుకోమని ఋగ్వేదం పలికే పద్ధతి చెప్పే పాత శాస్త్రం, ఋక్ప్రాతిశాఖ్యే చెబుతోంది. దానికి ‘వ్యూహం’ అని పేరు కూడా పెట్టింది. ఇది నా సొంత కల్పన కాదు.

యానాం: ఇందులో పెద్ద చిక్కేముందండీ. ఇ-తి, అ-ని. ‘ఇతి’యే నలిగి ‘అని’ అయింది. అరువు తెచ్చుకున్నది మనమే.

రాజమండ్రి: కాదండి. ‘అని’ మన ‘అను’ ధాతువుకి క్త్వార్థకం. తమిళంలో ‘ఎన్ఱు’, కన్నడంలో ‘ఎందు’, మలయాళంలో ‘ఎన్ను’, అన్నీ అనడం అన్న అర్థంలోంచి వచ్చినవే. ‘ఇతి’కి అనడంతో చుట్టరికం లేదు, దాని అర్థం ‘ఇలా’. పాత ఇరాను వాళ్ళ అవెస్తా భాషలో ‘ఉఇతి’ అని దాని దగ్గర చుట్టం ఉంది, కాబట్టి మాట వాళ్ళ సొంతమే. అరువు ఏదైనా ఉంటే అది మాటలో కాదు, మాటని ఎక్కడ పెట్టాలి, దేనికి వాడాలి అన్న అలవాటులో ఉండాలి.

భాషాశాస్త్రవేత్త ఎమెనో 1956లో భారతదేశం మొత్తాన్ని ఒక భాషా మండలమని రాసినప్పుడు ఆయన దృష్టి ఇలాంటి అలవాట్ల మీదే. వేరు వేరు కుటుంబాల భాషలు తరాల తరబడి ఇరుగుపొరుగుగా ఉండి వ్యాకరణంలో ఒక పోలికకి వస్తాయన్నది వాదం. 1967లో కైపర్ అనే మరో భాషాశాస్త్రవేత్త ‘ఇతి’ని కూడా ఆ పద్దులో వేశాడు. 1975లో హాక్ అనే ఇంకో పండితుడు అడ్డుపడ్డాడు. ఋగ్వేదంలో ‘ఇతి’ లేకుండానే ఇతరుల మాట చెప్పిన చోట్లున్నాయి, మాటకి ముందే ‘ఇతి’ వచ్చిన చోట్లూ ఉన్నాయి. బ్రాహ్మణాల వచనానికి వచ్చేసరికి అది వెనక్కి చేరి స్థిరపడింది. ఆ స్థిరపడటానికి పొరుగు కారణమా, వాళ్ళ భాషలోనే జరిగిన మార్పా అన్నదే తగువు.

భీమవరం: నాకు వేదం తెలీదండి, మా చెరువుల దగ్గర సంగతి చెబుతాను. బరంపురం వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళున్నారు. వాళ్ళలో వాళ్ళు “సే ఆసిబ బోలి కహిలా” అంటారు, ‘అతను వస్తాడని చెప్పాడు’ అని. ఆ ‘బోలి’ అచ్చం మన ‘అని’ ఉన్న చోటే ఉంది. తెలుగులోకి దిగితే ‘మేత వేశానని చెప్పాడు’ అని మొదటి వారమే తడబడకుండా అనేస్తారు. ‘మా అమ్మ వచ్చాడు’ మాత్రం ఎంతకీ పోదు. ఒడియాలో క్రియకి ఆడామగా తేడా లేదట. మరి ఒడియా సంస్కృతం వైపుది కదా, ‘ఇతి’ ఏమైపోయింది?

రాజమండ్రి: మీరు చెప్పిందే ఈ మొత్తం చర్చలో గట్టి సాక్ష్యం, అండి. ‘ఇతి’ నిలవలేదు. దాని చోటులో ఒడియా ‘బోలి’ని, బెంగాలీ ‘బోలే’ని, మరాఠీ ‘మ్హణూన్’ని పెట్టుకున్నాయి. అన్నీ ‘అని’లాగే అనడం అన్న క్రియకి క్త్వార్థకాలే. ఇంకా స్పష్టమైన కేసు దక్కనీ. ఢిల్లీ వైపు ‘కి’ ముందొచ్చి మాట తర్వాతొస్తుంది. అక్కడి భాషే దక్కనుకి దిగి, తెలుగు, కన్నడ, మరాఠీల మధ్య కొన్ని వందల ఏళ్ళు ఉన్నాక ‘బోల్కే’ని వెనక పెట్టడం నేర్చింది. ‘కైకు బోలేతో’ అంటారు, మన ‘ఎందుకంటే’కి ముక్కకి ముక్క. అక్కచెల్లెళ్ళలో లేనిది, పొరుగింట్లో ఉన్నది, ఎప్పుడు ఎక్కడికి వచ్చారో తెలిసినది. ఈ మూడూ కుదిరితేనే పొరుగు వల్ల అని ధైర్యంగా అనగలం. వేదం దగ్గర మూడోది కుదరదు. ఆ కాలపు ద్రావిడం ఒక్క వాక్యం కూడా మన చేతిలో లేదు.

పాలకొల్లు మాస్టారు: దక్కనీ వరకు ఒప్పుకుంటాను. కానీ నేపాలీలో ‘భనేర’ ఉంది, వాళ్ళకి మనం పొరుగా? అనడం అన్న క్రియ ఇలా వెనక్కి చేరడం ఆఫ్రికా భాషల్లోనూ ఉంది. బెంగాలీ, నేపాలీలని కూడా మన ఖాతాలో వేసుకోవడం తొందరపాటు.

రాజమండ్రి: ఒక్కటే ఉంటే తొందరపాటే. వాడుకల గుత్తి చూడండి. ‘వాన వస్తుందని గొడుగు తెచ్చాను’లో కారణం. ‘ఢామ్మని పడింది’లో శబ్దం. రెంటికీ ఒకటే ‘అని’. సంస్కృతంలో ‘ఇతి’ కూడా రెండు పనులూ చేస్తుంది. ధ్వన్యనుకరణ పక్కన ‘ఇతి’ వస్తే ఏం చేయాలో పాణిని ప్రత్యేకంగా సూత్రమే రాశాడు, ‘పటత్’ + ‘ఇతి’ = ‘పటితి’ అని. మన ‘ఫట్‌మని’కి అంత దగ్గరగా ఉంది. ఇది కాకతాళీయమని నాకు అనిపించదు.

అమలాపురం: ఇంత మాట్లాడి నన్నయగారిని వదిలేశారు, అదీ రాజమండ్రి వాళ్ళు! సంస్కృత భారతంలో ‘వైశంపాయన ఉవాచ’ అని శ్లోకానికి బయట, ముందే ఉంటుంది. నన్నయగారు దాన్ని ‘అనిన’, ‘అనవుడు’ అని వెనక్కి తెచ్చి కథలో కలిపేశారు. తెలుగు వాక్యం నడక తెలిసిన చెయ్యి అది.

పాలకొల్లు మాస్టారు: ఆయనే ‘ఇట్లనియె’ అని ముందు కూడా పెట్టారు కదండీ. ‘ఇట్లు’ అంటే ‘ఇలా’, అంటే ‘ఇతి’ అర్థమే. మన ఆదికవిలోనే ముందూ వెనకా రెండూ ఉంటే, ఋగ్వేదంలో రెండూ ఉండటాన్ని పరాయి ప్రభావమనడానికి ఆధారం సన్నగిల్లుతుంది.

రాజమండ్రి: ‘ఇట్లనియె’ తర్వాత ఆ ప్రసంగం మళ్ళీ ‘అని’తో మూసుకుంటుంది, మాస్టారూ. ముందుది కావాలంటే పెట్టొచ్చు, వెనకది తప్పదు. ఆ తేడానే చూడమంటున్నాను.

యానాం: అయితే ‘అని’ మనదే, ‘ఇతి’ వాళ్ళదే, వాడుక మాత్రం ఉమ్మడి. అలాగైతే నాకు అభ్యంతరం లేదు.

అమలాపురం: నాకింకా ‘త్యా’ తెగలేదు. మీ వ్యూహం ప్రకారం విడిపోయిన ఆ ‘తి’కి ఏ స్వరం పెడతారు మాస్టారూ?

పాలకొల్లు మాస్టారు: ‘మే’ ఉదాత్తం, అంటే ఎత్తి పలికేది. యచ్ఛబ్దం ఉన్న వాక్యం కాబట్టి ‘ఆహ’లో ‘ఆ’ కూడా ఉదాత్తం. మధ్యలో ‘తి’, తర్వాత ఉదాత్తం ఉంది కాబట్టి స్వరితం కాదు, అనుదాత్తమే.

అమలాపురం: స్వరం కుదిరింది, అది ఒప్పుకుంటాను. పాఠంలో ‘త్యా’నే చదువుతాను.