ఫిక్స్‌డ్ రేటు వెబ్‌సైట్: పని పెరిగినా లాభం మిగలాలంటే కొటేషన్‌లో ఏం రాయాలి?

వేణు_ఎల్బీనగర్
దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి వర్డ్‌ప్రెస్‌లో వెబ్‌సైట్ చేయాలి. వాళ్లు అడిగింది "ఐదు పేజీలు": హోమ్, కోర్సులు, ఫ్యాకల్టీ, రిజల్ట్స్, కాంటాక్ట్. అన్నీ కలిపి ఒకటే రేటు చెప్పమంటున్నారు. 75 వేలు అనుకుంటున్నా. "ఇదొక్కటి కూడా పెట్టేయండి" అని మధ్యలో మొదలైతే ఏమీ మిగలదని భయం. కొటేషన్ ఎలా రాయాలి?

సాయి_డిజైన్స్
అన్నా, సింపుల్. నీకు తోచిన రేటు మీద 30 శాతం ఎక్కువ చెప్పు, సగం అడ్వాన్స్ తీసుకో. ఎంత తిప్పించినా ఆ 30 శాతంలోనే సరిపోతుంది.

పద్మజ_మియాపూర్
అడ్వాన్స్ తీసుకోవడం వరకు సాయి గారు చెప్పింది కరెక్టే. కానీ అడ్వాన్స్ కాపాడేది డబ్బు ఎగ్గొట్టే పార్టీ నుంచి. పని పెరగడాన్ని అది ఆపదు. 30 శాతం సంగతీ అంతే. హద్దు రాయకపోతే ఆ 30 కూడా కరిగిపోతుంది, ఎక్కడ కరిగిందో మనకే తెలియదు.

వేణు గారూ, ముందు గంటలు లెక్కపెట్టండి. ఉదాహరణకి నెలకి మీకు, ఆఫీసు ఖర్చులకి కలిపి 60 వేలు కావాలనుకోండి. ఫోన్లు, కొటేషన్లు, తిరగడం పోగా బిల్లు వేయగలిగిన పని నెలకి 100 గంటలు. అంటే గంటకి 600 మీ ఖర్చు. 200 లాభం వేసుకుంటే 800.

ఈ సైటుకి నా అంచనా: మాట్లాడుకోవడానికి 6 గంటలు, హోమ్ డిజైన్ 12, మిగతా నాలుగు లేఅవుట్లు ఆరేసి చొప్పున 24, కట్టడం 30, మ్యాటర్ ఎక్కించడం 10, ఎంక్వైరీ ఫారం 4, టెస్టింగ్ 6, లైవ్ చేసి వాళ్లకి నేర్పడం 4. మొత్తం 96 గంటలు, 76,800. అందులో ఖర్చు 57,600, లాభం 19,200.

ఇప్పుడు ఆ 19,200ని 600తో భాగించండి. 32 గంటలు. అదనంగా 32 గంటలు చేశారంటే లాభం సున్నా. ఈ అంకె కాగితం మీద పెట్టుకున్నాకే కొటేషన్ రాయండి.

వేణు_ఎల్బీనగర్
32 గంటలంటే చాలానే కదా మేడమ్? అంత పెద్ద పని వాళ్లేం అడుగుతారు?

పద్మజ_మియాపూర్
పెద్ద పని అడిగితే మనమే రేటు చెప్తాం. చిన్నవాటితోనే పోతుంది. "కోర్సులు" ఒక పేజీ అనుకుని ఐదు కోర్సులకి లెక్క వేస్తాం, తీరా 11 ఉంటాయి, ఒక్కోదానికి వేరే పేజీ కావాలంటారు. ఆరు ఎక్కువ, గంటన్నర చొప్పున 9 గంటలు. హోమ్ డిజైన్ ఓకే అన్నాక ఇంకో రెండు సార్లు మార్పిస్తారు, 8 గంటలు. లెక్కలో లేని మీటింగులు, ఫోన్లు 7.

ఇక తెలుగు మ్యాటర్. బ్రోచర్ ప్రెస్‌లో అను ఫాంట్లతో చేసి ఉంటుంది. దాన్ని కాపీ చేసి సైట్‌లో పెడితే తెలుగు రాదు, అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి మార్చినా ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడా తప్పిపోతాయి, ప్రతి లైనూ చదివి దిద్దాలి. దానికి 8 గంటలు. కలపండి: 9, 8, 7, 8. సరిగ్గా 32.

రఫీ_మెహిదీపట్నం
దీనికి జీఎస్టీ కూడా చూసుకో బ్రదర్. రిజిస్ట్రేషన్ ఉంటే "జీఎస్టీ 18 శాతం అదనం" అని కొటేషన్‌లోనే రాయి. రాయకపోతే 76,800లోనే అన్నీ వచ్చాయనుకుంటారు. అప్పుడు నీకు మిగిలేది 65,085. ఖర్చు 57,600 తీసేస్తే 7,485. ఆ 32 గంటలు పన్నెండున్నర గంటలకి పడిపోతాయి.

శ్రీను_వెబ్
నాకూ ఇదే బాధ. ఒక హాస్పిటల్ సైట్ అప్పగించి ఎనిమిది నెలలైంది, ఇప్పటికీ డాక్టర్ ఫొటో మార్చు, టైమింగ్ మార్చు అని మెసేజ్‌లు. ఏడాదికి ఎంత తీసుకోవాలి?

పద్మజ_మియాపూర్
శ్రీను గారూ, మీది మెయింటెనెన్స్. దానికి వేరే ఒప్పందం, నెలకి ఇన్ని గంటలు అని. ఇక్కడికి పనికొచ్చే ముక్క ఒకటుంది: "ఒప్పుకున్నది పని చేయకపోతే 30 రోజులు ఉచితంగా సరిచేస్తాం, కొత్తది అడిగితే రేటు" అని మొదటి కొటేషన్‌లోనే రాయాలి. ఫారం నింపితే మెయిల్ రాకపోవడం మన తప్పు. ఫారంలో కొత్తగా "బ్యాచ్ టైమింగ్" గడి కావాలంటే అది మార్పు.

వేణు గారూ, కొటేషన్‌లో "వెబ్‌సైట్ డిజైన్, 5 పేజీలు" అని రాయకండి. లెక్కపెట్టగలిగేలా రాయండి: లేఅవుట్లు 5, కోర్సు పేజీలు 11, ఫ్యాకల్టీ 12 మంది వరకు, రిజల్ట్స్ ఫొటోలు 40 వరకు, హోమ్ డిజైన్‌కి రెండు రౌండ్ల మార్పులు, తెలుగు మ్యాటర్ యూనికోడ్‌లోనే. ఒక రౌండ్ అంటే అన్ని మార్పులూ ఒకే మెసేజ్‌లో రావడం. ఈ వాక్యం లేకపోతే రోజుకొక మార్పు పంపి, అంతా కలిపి ఒక రౌండే అంటారు. కింద "ఇందులో లేనివి" అని కూడా రాయాలి: ఆన్‌లైన్ ఫీజు, స్టూడెంట్ లాగిన్, వాట్సాప్ ఆటో మెసేజ్‌లు, లోగో, ఫొటోలు తీయడం.

వేణు_ఎల్బీనగర్
11 కోర్సులు, అను ఫాంట్ పని కలిపితే 113 గంటలు, 90,400 అవుతోంది. 80 దాటితే ఒప్పుకోరు.

పద్మజ_మియాపూర్
అయితే రేటు తగ్గించకండి, పని తగ్గించండి. ఐదు కోర్సులు మీరు ఎక్కించి చూపిస్తారు, మిగతా ఆరూ వాళ్ల స్టాఫ్ ఎక్కించుకుంటారు, 7,200 తగ్గింది. తెలుగు వాళ్లే యూనికోడ్‌లో టైప్ చేయించి ఇస్తారు, 6,400 తగ్గింది. మళ్లీ 76,800. ఏది తీసేస్తే ఎంత తగ్గిందో కనబడితే బేరం రేటు మీద కాకుండా పని మీద నడుస్తుంది.

మధ్యలో కొత్తది అడిగినప్పుడు కాదనక్కర్లేదు. ఫోన్‌లో చెప్పినా సరే, ఇలా రాసి పంపండి: "సర్, ఆన్‌లైన్ ఫీజు మన కొటేషన్‌లో లేదు. దీనికి 14 గంటలు, రూ. 14,000, జీఎస్టీ అదనం. లైవ్ తేదీ 5 రోజులు ఆలస్యమవుతుంది. ఓకే అని రిప్లై ఇస్తే మొదలుపెడతాను." పావుగంట పని ఉచితంగా చేసినా "ఈసారికి రూ. 0" అని అదే జాబితాలో రాయండి. పదోసారి అడిగేసరికి ఆ జాబితా వాళ్లకే కనిపిస్తుంది.

సాయి_డిజైన్స్
మేడమ్, అసలు రేటు గంటకి 800, మార్పులకి 1,000 ఎందుకు? క్లయింట్ అడిగితే ఏం చెప్తాం?

పద్మజ_మియాపూర్
కట్టినదాన్ని విప్పాలి, మళ్లీ మొబైల్‌లో, డెస్క్‌టాప్‌లో టెస్ట్ చేయాలి. అందుకని.

రఫీ_మెహిదీపట్నం
నేను ఒప్పుకోను. రెండు రేట్లు చూస్తే మొదటిదాన్నే అనుమానిస్తారు. 800 ఉంచి, ఏ మార్పుకైనా కనీసం 2 గంటలు అని రాస్తే సరి.

పద్మజ_మియాపూర్
కనీసం 2 గంటలంటే చిన్న మార్పుకి గొడవ పడతారని నాకనిపిస్తుంది. ఎవరి క్లయింట్లని బట్టి వాళ్లు చూసుకోవాలి.

డబ్బు మాత్రం లైవ్ తేదీకి ముడిపెట్టకండి. మొదలుపెట్టేటప్పుడు 40 శాతం, హోమ్ డిజైన్ ఓకే అయ్యాక 30, టెస్ట్ లింక్ ఇచ్చిన రోజు 20, డొమైన్‌కి ఎక్కించే ముందు 10. మ్యాటర్ వాళ్ల దగ్గరే ఆగిపోతే లైవ్ ఎప్పటికీ అవ్వదు. అడిగిన 15 రోజుల్లో మ్యాటర్ రాకపోతే నమూనా మ్యాటర్‌తో టెస్ట్ లింక్ ఇచ్చి ఆ 20 శాతం బిల్లు వేస్తామని రాయండి.

వేణు_ఎల్బీనగర్
ఇవన్నీ రాస్తాను మేడమ్. ఒక్క డౌట్. అక్కడ డైరెక్టర్ ఒకరు, ఆయన పార్ట్‌నర్ ఒకరు. ఆయన నీలం అంటే ఈయన మెరూన్ అంటున్నారు.

రఫీ_మెహిదీపట్నం
ఓకే చెప్పేది ఎవరో ఒక్కరి పేరు, ఫోన్ నంబరు కొటేషన్‌లో రాయించుకో. రెండో ఆయన చెప్పింది కూడా ఆ నంబరు నుంచే రావాలి. అది రాయించుకోకుండా డిజైన్ ఫైల్ తెరవకు.