సమస్య: "కాళ్ళు వచ్చిన పాముతో కల్లు పోయె"

నిర్వాహకుడు: ఛందస్సు తేటగీతి. వస్తువు చైనా వారి నాలుగక్షరాల నానుడి "హువా షె థియెన్ జు", అంటే పాము గీసి కాళ్ళు చేర్చడం. పాముకు కాళ్ళెలా వచ్చాయో, కల్లెందుకు పోయిందో రెండూ పద్యంలో తేలాలి.

శారద:
ముందు పామును గీసిన మోదమందు
నెడమ చేతను మధుపాత్ర నెత్తి పట్టి
కుడిని పదములు గీయగా గుంజె నొకడు
కాళ్ళు వచ్చిన పాముతో కల్లు పోయె

నిర్వాహకుడు: బాగుందమ్మా. ఎడమ చేత పాత్ర, కుడి చేత గీత: మూలంలో ఉన్నది ఉన్నట్టే పట్టారు. ఒక్కటే లోటు. ఆ కల్లు ఒక్క పాత్రే. అందరూ తాగితే చాలదు, ఒకడికైతే మిగులుతుంది. అందుకే ముందుగా పాము గీసినవాడికే అన్న పందెం పెట్టుకున్నారు. ఆ షరతు పద్యంలో లేదు కనుక, కథ తెలియనివాడికి రెండోవాడు దొంగలా కనిపిస్తాడు. నిజానికి అతను కూడా పాము పూర్తి చేశాకే, "పాముకు కాళ్ళుండవు, నువ్వెలా పెడతావు?" అని లాక్కున్నాడు.

సుబ్బు: బావిలో కప్ప, ఈ పాము రెండూ చైనా తాత్వికుడు జువాంగ్‌జీ చెప్పినవే కదండీ? తొందరపాటు మీద నీతి.

రాఘవ: కప్ప వరకే నిజం సుబ్బూ. తూర్పు సముద్రపు తాబేలు ఎడమ కాలు బావిలో పెట్టకముందే కుడి మోకాలు ఇరుక్కుపోయే కథ జువాంగ్‌జీది. పాము మాత్రం "జాన్‌గువో ట్సె" అనే పాత చైనా గ్రంథంలోది. అందులో తొందరేం లేదు, పని అయ్యాక ఆగకపోవడమే తప్పు. క్రీ.పూ. 323లో వెయ్ రాజ్యాన్ని ఓడించి చీ రాజ్యం మీదికి తిరిగిన ఛూ సేనాని ఝావ్ యాంగ్‌కు, చీ తరఫున వచ్చిన ఛెన్ జెన్ ఇది చెప్పాడు. అతను సేనను వెనక్కి తిప్పాడు. నా పూరణ దాని మీదే:

ఎనిమి దూళ్ళను గెలిచియు నింక కోర
పదవి పెరుగునె యుసురులే ధార వోయ
విడువుమీ వైరమని దూత విన్నవించె
కాళ్ళు వచ్చిన పాముతో కల్లు పోయె

శారద: రెండో పాదంలో యతి తప్పింది రాఘవ గారూ. "ప"కు "ధా" చెల్లదు.

రాఘవ: "పదవి పెరుగునె యుసురులే పణము పెట్ట" అంటే సరా?

నిర్వాహకుడు: సరిపోయింది. అర్థమూ బిగిసింది. అయితే పదవి ఎందుకు పెరగదో చూడండి. "జాన్‌గువో ట్సె"లో దూత మాట: అంతకు పైది లింగ్‌యిన్, అంటే ఛూ ప్రధానమంత్రి పదవి ఒక్కటే, రాజు ఇద్దరు లింగ్‌యిన్‌లను పెట్టడు. సిమా ఛియెన్ చరిత్రలో మాత్రం ఝావ్ యాంగ్ అప్పటికే లింగ్‌యిన్.

రాఘవ: రెండోదే నిజమైతే వాదం ఇంకా గట్టిది, ఎక్కడానికి మెట్టే లేదు. మొదటిదైతే ఆ కుర్చీలో ఇంకొకరున్నారన్నమాట. నా పద్యం దేనికైనా సరిపోతుంది లెండి.

సుబ్బు: కాళ్ళొచ్చిన పాముని ఉడుముగా పూరిస్తే ఒప్పుకుంటారా?

నిర్వాహకుడు: ఉడుము సరే నాయనా, కల్లెలా పోయిందో చెప్పు.